ఫోను ‘E’ దగ్గరే ఆగిపోతే: 4జీకి లాక్ చేయాలా, వద్దా?

పండక్కి ఊరు వెళ్లినవారూ, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోనును హైదరాబాదులో కూర్చుని బాగుచేయాలని చూసేవారూ నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. “ఊళ్లో 4జీ ఉంది. పక్కింటి వాళ్ల ఫోనులో వస్తోంది. మా ఫోనులో మాత్రం పైన ‘E’ తప్ప ఇంకేమీ కనబడదు. 4జీకి లాక్ చేస్తే సరిపోతుందా?”

కొన్ని ఇళ్లలో సరిపోతుంది. కొన్ని ఇళ్లలో ఉన్న ఫోన్‌కాల్ కూడా పోతుంది. మీది ఏ రకమో ఒక గంటలో తేల్చుకునే పద్ధతి కింద రాస్తున్నాను. మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. లాక్ చేయడం వల్ల కొత్తగా సిగ్నల్ పుట్టదు. 4జీ బలహీనపడినప్పుడు 2జీకి జారుకోవడానికి ఫోనుకు ఒక దారి ఉంటుంది. లాక్ ఆ దారిని మూసేస్తుంది, అంతే. 4జీ అందుతున్న చోట ఇది మేలు చేస్తుంది. అందని చోట ఫోను మూగబోతుంది.

అసలు ఫోను 2జీలో ఎందుకు చిక్కుకుంటుంది? వెనక గదిలోకి వెళ్లగానే 4జీ తగ్గి, ఫోను 2జీకి దిగుతుంది. మళ్లీ వరండాలోకి వచ్చినా వెంటనే పైకి ఎక్కదు. 2జీ సిగ్నల్ నిండుగా ఉండటంతో ఫోనుకు తొందర ఉండదు. వెనక ఏదో యాప్ డేటా లాగుతూ ఉంటే ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఫోన్‌కాల్ 2జీ మీద నడుస్తున్నంతసేపు 4జీకి తిరిగి రానే రాదు.

కావలసినవి

సమస్య ఉన్న ఫోను, కనీసం సగం చార్జింగుతో. కాల్ చేసి చూడటానికి ఇంకో ఫోను, దాని పక్కన ఒక మనిషి. అంకెలు రాసుకోవడానికి కాగితం. వీలైతే అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కింటివారి ఫోను కాసేపు. కొత్త యాప్ ఏదీ అవసరం లేదు.

ఈ పరీక్షలన్నీ ఫోను ఎక్కువగా వాడే చోటే చేయాలి. బస్టాండు దగ్గర 4జీ వచ్చిందంటే అది బస్టాండు సంగతి. మీ మంచం దగ్గర ఏముందో అది చెప్పదు.

1. పైన ఉన్న అక్షరం ఏ సిమ్‌దో చూడండి

`G`, `E` అంటే 2జీ. `H`, `H+` అంటే 3జీ. `4G`, `LTE` రెండూ ఒకటే. ‘E’ మీద సెకనుకు సుమారు వంద కిలోబిట్లు వస్తే అదృష్టం. ఆ లెక్కన అయిదు మెగాబైట్ల వీడియో దిగడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. ఈలోపు చెల్లింపు యాప్ గడువు దాటి ఆగిపోతుంది.

రెండు సిమ్‌లున్న ఫోనులో ముందు డేటా ఏ సిమ్‌కు పెట్టి ఉందో చూడండి. జియోకు 2జీ, 3జీ మొదటి నుంచీ లేవు, కాబట్టి జియో సిమ్ ‘E’ చూపించదు. మీకు జియో ఉండి కూడా డేటా ‘E’ మీద నడుస్తోందంటే, డేటా రెండో సిమ్ మీదికి వెళ్లిపోయిందన్నమాట. దీనికి లాక్ అక్కర్లేదు. డేటా సిమ్ మార్చి, డేటా తనంతట తాను మరో సిమ్‌కు మారే సెట్టింగు ఉంటే ఆపేయండి.

2. లాక్ జోలికి వెళ్లకముందు నాలుగు సంగతులు

మొదటిది, సెట్టింగుల్లో నెట్‌వర్క్ రకం. ఎవరో ఎప్పుడో చార్జింగ్ మిగులుతుందని `3G/2G` లేదా `2G only` పెట్టి మరిచిపోయి ఉంటారు. ఇది చాలా మామూలు. శామ్‌సంగ్‌లో ఇది `Settings > Connections > Mobile networks > Network mode` కింద ఉంటుంది. మిగతా ఫోన్లలో సిమ్ పేరు మీద నొక్కితే `Preferred network type` అని కనబడుతుంది. అందులో 4జీ ఉన్న వరుసను ఎంచుకోండి.

రెండోది, `VoLTE`, అంటే ఫోన్‌కాల్‌ను కూడా 4జీ మీదే నడిపించే సెట్టింగు. అందరూ దాటవేసేది ఇదే. ఇది ఆపి ఉంటే, 2జీ కూడా ఉన్న కంపెనీ సిమ్‌లో ప్రతి ఫోన్‌కాల్‌కూ ఫోను కిందికి దిగుతుంది. కాల్ అయ్యాక మామూలుగా కొన్ని సెకన్లలో తిరిగి ఎక్కాలి, కానీ సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్లో అక్కడే కూర్చుండిపోతుంది. “పొద్దున బాగానే ఉంది, ఎవరో ఫోన్ చేసినప్పటి నుంచి నెట్ రావడం లేదు” అని ఎవరైనా అంటే ముందుగా నాకు అనుమానం దీని మీదే. సిమ్ సెట్టింగుల్లో `VoLTE` లేదా `4G Calling` పక్కన ఉన్న మీటను ఆన్ చేసి ఒక రోజు చూడండి. నా దగ్గరికి వచ్చిన ఫోన్లలో చాలావాటికి లాక్ అవసరమే రాలేదు.

మూడోది, సిమ్, ఫోనులో అది ఉన్న స్లాట్. చాలా ఏళ్ల క్రితం తీసుకున్న సిమ్ అయితే అది 4జీ సిమ్ కాకపోవచ్చు. ఆ సిమ్‌ను పక్కింటివారి 4జీ ఫోనులో వేసి చూడండి. అక్కడా ‘E’ దాటకపోతే సిమ్ మార్చాల్సిందే. పాత రెండు సిమ్‌ల ఫోన్లలో రెండో స్లాట్ 2జీకే పనిచేసే రకాలు కూడా ఉన్నాయి, కాబట్టి సిమ్‌లను అటూ ఇటూ మార్చి కూడా చూడండి. కంపెనీ దుకాణంలో అదే నంబరుతో కొత్త సిమ్ ఇస్తారు. అయితే సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. బ్యాంకు ఓటీపీ కావలసిన రోజున ఆ పని పెట్టుకోకండి.

నాలుగోది, మీ ఊళ్లో 4జీ నడిచే బ్యాండ్‌ను, అంటే ఆ రేడియో తరంగాల వరుసను, మీ ఫోను పట్టుకోగలదా అన్నది. బీఎస్‌ఎన్‌ఎల్ తన 4జీకి 700, 2100 మెగాహెర్ట్జ్ వాడుతోంది. పాత ఫోన్లు కొన్నింటిలో 700, అంటే బ్యాండ్ 28, లేదు. ఊళ్లో 4జీ ఆ బ్యాండ్ మీదే వస్తుంటే ఎన్ని లాకులు వేసినా ఆ ఫోనుకు అది కనబడదు. పక్కింటివారి సిమ్ వారి ఫోనులో 4జీ చూపించి, మీ ఫోనులో వేస్తే చూపించకపోతే తప్పు మీ ఫోనుది లేదా దాని సెట్టింగులది.

3. విమానం గుర్తుతో పరీక్ష

ఎక్కువగా వాడే చోట కూర్చుని ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి. పదిహేను సెకన్లు ఆగి ఆపేయండి. ఇప్పుడు ఫోను మొదటి నుంచి వెతుక్కుంటుంది. ఒకటి రెండు నిమిషాలు పైన ఏ అక్షరం వస్తుందో చూడండి, తరువాత పది నిమిషాలు అక్కడే ఉంచి మళ్లీ చూడండి.

4జీ వచ్చి నిలబడితే మీ ఫోను నిజంగానే చిక్కుకుని ఉండింది. లాక్ మేలు చేసేది సరిగ్గా ఇక్కడే. 4జీ వచ్చి రెండు నిమిషాల్లో మళ్లీ ‘E’ అయితే మీరు హద్దు మీద ఉన్నారు, తరువాతి మెట్టు చూడకుండా ఏమీ చేయకండి. అసలు 4జీ రాకపోతే ఆ చోట లాక్ చేయడం అంటే ఉన్న ఫోన్‌కాల్‌ను కూడా వదులుకోవడమే.

4. గీతలను నమ్మకండి, అంకె చూడండి

పైన కనబడే నాలుగు గీతలు ప్రస్తుతం ఫోను పట్టుకున్న నెట్‌వర్క్‌వి. 2జీ నిండుగా ఉంటే నాలుగూ వెలుగుతాయి. మా నాన్న ఫోనులో జరిగింది ఇదే. “గీతలన్నీ ఉన్నాయి కదా, నెట్ ఎందుకు రాదు?” అని ఆయన వాదన.

ఫోను గురించిన వివరాల్లో, `About phone > Status > SIM status` అన్న చోట, `Signal strength` కింద `dBm` అంకె ఉంటుంది. ఫోనును బట్టి దారి కొంచెం మారుతుంది. 4జీ ఉన్నప్పుడు ఈ అంకెను ఇలా చదవండి. మైనస్ 100 కంటే తక్కువ లోతు, అంటే మైనస్ 95, మైనస్ 90 లాంటివి, బాగున్నట్టు. మైనస్ 100 నుంచి 110 వరకు పని జరుగుతుంది. 110 నుంచి 118 వరకు చెయ్యి అడ్డం పెట్టినా తేడా వస్తుంది. 120 దాటితే ఆశ వదులుకోండి.

2జీ అంకెను 4జీ అంకెతో పోల్చకూడదు. 4జీకి చూపే అంకె మొత్తం సిగ్నల్‌లో ఒక చిన్న ముక్క బలం మాత్రమే, కాబట్టి అది ఎప్పుడూ చిన్నదిగానే కనబడుతుంది. 2జీ మైనస్ 80 చూపించి, 4జీ మైనస్ 105 చూపిస్తే, 2జీ మేలని అర్థం కాదు.

మా ఇంటి లెక్క చెబుతాను. ఊరు నల్లమల అంచున, గిద్దలూరు వైపు. రాతి గోడల పాత ఇల్లు, టవరు ఇంటి ముందు వైపు దూరంగా ఉంది. వరండాలో 4జీ మైనస్ 103. నడవలో మైనస్ 111. నాన్న పడుకునే వెనక గదిలో మైనస్ 119 చూపించి, ఒక నిమిషంలోపే ‘E’ అయ్యింది, అప్పుడు 2జీ అంకె మైనస్ 79. ఆయన పొద్దున్నే వెనక గదిలో ఫోను తీసి, దాన్ని అలాగే పట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చుంటారు. వరండాలో 4జీ ఉన్నా ఫోను మాత్రం గంటల తరబడి ‘E’ మీదే.

5. తేల్చుకోండి

మీరు ఎక్కువగా కూర్చునే చోట 4జీ మైనస్ 112 లోపల ఉండి, ఫ్లైట్ మోడ్ పరీక్షలో నిలబడి, `VoLTE` పనిచేస్తుంటే లాక్ చేయండి. ఈ మూడింటిలో ఒకటి తప్పినా వద్దు.

4జీ అక్షరం కనబడుతూనే వేగం లేకపోతే అది వేరే జబ్బు. సాయంత్రం ఏడు నుంచి పది వరకు ఊరంతా ఒకే టవరు మీద పడుతుంది. పొద్దున అయిదింటికి వేగం బాగుండి రాత్రి పడిపోతుంటే మీ ఫోనులో మార్చాల్సింది ఏమీ లేదు.

3జీకి లాక్ చేయమని కొందరు సలహా ఇస్తారు. అది పాత రోజుల మాట. ఎయిర్‌టెల్ 3జీ మూసేసి ఏళ్లయింది, జియోకు అసలు లేదు. ఆ సిమ్‌లను `3G only` మీద పెడితే సర్వీసు లేదనే వస్తుంది. బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ అయి, ఊళ్లో `H` కనబడుతూ 4జీ రాకపోతే మాత్రం ‘E’ కంటే అది చాలా నయం, ప్రయత్నించి చూడవచ్చు.

6. లాక్ చేసే విధానం

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. `Preferred network type` కింద 4జీ ఎంచుకోవడం లాక్ కాదు. అది ఫోనుకు మన ఇష్టం చెప్పడం మాత్రమే, దిగాల్సి వస్తే ఫోను 2జీకి దిగుతుంది. ఐఫోనులో `Voice & Data` కింద `LTE` పెట్టినా అంతే. ఐఫోను వాడేవారికి ఈ లాక్ లేదు, ఫ్లైట్ మోడ్ వేసి తీయడమే దారి.

ఆండ్రాయిడ్‌లో రెండు దారులున్నాయి.

మొదటిది తేలికైనది. కొత్త ఫోన్లు కొన్నింటిలో, ఆండ్రాయిడ్ 12 నుంచి, సిమ్ సెట్టింగుల్లో `Allow 2G` అనే మీట ఉంటుంది. దాన్ని ఆపేస్తే ఫోను 2జీకి దిగదు. అత్యవసర కాల్‌కు మాత్రం 2జీని వాడుకునే వీలు ఉంచుతుంది. అందువల్ల మీ ఫోనులో ఇది ఉంటే ఇదే వాడండి, రెండో దారి జోలికి వెళ్లకండి.

రెండోది దాచి ఉంచిన పేజీ. కాల్ చేసే చోట ఇది కొట్టండి:

```
*#*#4636#*#*
```

చివరి నక్షత్రం కొట్టగానే పేజీ దానంతట అదే తెరుచుకుంటుంది, కాల్ మీట నొక్కాల్సిన పని లేదు. `Phone information` నొక్కండి. రెండు సిమ్‌లుంటే పైన ఏ సిమ్‌దో ఎంచుకునే వీలుంటుంది, సరైనదే ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. `Set preferred network type` అన్న చోట ఇప్పుడున్న పేరును అక్షరం పోకుండా కాగితం మీద రాసుకోండి లేదా తెరను ఫొటో తీసుకోండి. తిరిగి రావడానికి అదే ఆధారం. తరువాత `LTE only` ఎంచుకోండి. ఫోను ఒక్క క్షణం సిగ్నల్ వదిలి మళ్లీ పట్టుకుంటుంది.

ఆ పేజీలో ఇంకేదీ ముట్టుకోకండి. ముఖ్యంగా `Mobile radio power` ఆపితే ఫోను మొత్తం నెట్‌వర్క్ వదిలేస్తుంది. మా చుట్టాలబ్బాయి ఒకడు దాన్ని నొక్కి, సిమ్ పాడైందని కొత్త సిమ్ కోసం మండల కేంద్రానికి వెళ్లివచ్చాడు.

శామ్‌సంగ్ ఫోన్లు చాలావాటిలో ఈ కోడ్ కొడితే పేజీ రాదు, వచ్చినా నెట్‌వర్క్ ఎంపిక ఉండదు. 4జీకి లాక్ చేస్తామని చెప్పే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చేసేది ఇదే దాచిన పేజీని తెరవడం, మధ్యలో ప్రకటనలు చూపించడం. మీ ఫోనులో కోడ్ పనిచేయకపోతే యాప్ కూడా పనిచేయకపోవడానికే అవకాశం ఎక్కువ. కాల్ రికార్డులు, కాంటాక్టులు చూసేందుకు అనుమతి అడిగే యాప్ అయితే వెంటనే తీసేయండి.

7. నిజంగా పనిచేస్తోందా?

పైన 4జీ అక్షరం రాగానే సంబరపడి ఫోను జేబులో పెట్టుకోకండి. వరుసగా ఇవి చూడండి.

ఇంకో ఫోను నుంచి మీకు కాల్ చేయించండి. మోగాలి, మాట్లాడుతున్నప్పుడు కూడా పైన 4జీయే ఉండాలి. కాల్ చేసినవారికి “అందుబాటులో లేరు” అన్న మాట వినబడితే `VoLTE` పనిచేయడం లేదు, లాక్ వెంటనే తీసేయండి. తరువాత మీరు కాల్ చేసి చూడండి. ఒక ఎస్సెమ్మెస్ పంపించుకోండి. బ్యాంకు ఓటీపీ అవసరమైన రోజున గానీ ఈ లోపం బయటపడదు, అప్పటికి ఆలస్యమవుతుంది.

ఫోను చేతిలో పట్టుకుని ఇల్లంతా, దొడ్డి, కొట్టం దాకా నడవండి. ఎక్కడెక్కడ `No service` వస్తుందో గుర్తుపెట్టుకోండి. లాక్‌కు మీరిచ్చే వెల అదే. ఆ చోట్లలో రాత్రి పడుకునే గది ఉంటే బాగా ఆలోచించండి.

చివరగా ఫోను ఒకసారి ఆపి ఆన్ చేయండి. కొన్ని ఫోన్లు ఆ తరువాత `LTE only` వదిలేసి పాత సెట్టింగుకు వెళ్లిపోతాయి. మీది ఆ రకమైతే ప్రతిసారీ మళ్లీ పెట్టాల్సిందే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తరువాత కూడా ఒకసారి చూసుకోండి.

మొదటి రెండు రోజులు చార్జింగ్ మీద కన్నేసి ఉంచండి. మైనస్ 115 దగ్గర 4జీని పట్టుకుని వేలాడే ఫోను గట్టిగా అరిచి మాట్లాడే మనిషి లాంటిది, త్వరగా అలసిపోతుంది. ఫోను వెచ్చబడుతూ, మధ్యాహ్నానికే చార్జింగ్ సగానికి వస్తుంటే ఆ చోట లాక్ సరిపడదు.

మా ఇంట్లో చివరికి ఏం చేశామంటే

మొదట నాన్న ఫోనులో ఉన్న ఒక్క సిమ్‌నే `LTE only` చేశాను. వరండాలో నెట్ బాగా వచ్చింది. ఆ రాత్రి మా అక్క పదిసార్లు ఫోన్ చేసింది, ఒక్కటీ మోగలేదు. ఫోను వెనక గదిలో నాన్న తలగడ పక్కనే, `No service` తో పడి ఉంది. మరునాడు అక్క నన్ను తిట్టిన తిట్లు అలా ఉంచండి. గోడ అవతల ఏముందో కొలిచి కూడా దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం నా తప్పే.

ఆ తరువాత రెండు సిమ్‌ల పద్ధతికి మారాం. అందరికీ తెలిసిన నంబరు ఉన్న సిమ్‌ను మామూలుగా, తనంతట తాను మారేలా వదిలేశాం. అది వెనక గదిలో 2జీ మీదైనా సరే మోగుతుంది. డేటా కోసం రెండో సిమ్ వేసి, దాన్ని మాత్రమే 4జీకి లాక్ చేశాం. వెనక గదిలో డేటా పోతుంది, కాల్ పోదు. ఇంట్లో పెద్దవారు ఒంటరిగా ఉంటే నేను ఒక్క సిమ్ ఫోనును లాక్ చేయమని చెప్పను.

ఇంటికి వైఫై ఉంటే `Wi-Fi calling` ఆన్ చేసుకోవడం ఈ గొడవలన్నిటికంటే తేలిక, వెనక గదిలోనూ కాల్ దాని మీదే వస్తుంది. అది లేక, వరండాలో కూడా 4జీ అంకె 115 దాటి ఉంటే, ఆ ఇంటికి ఏ కంపెనీ సిమ్ సరిపడుతుందో పక్కవారి ఫోన్లతో అదే గదిలో కొలిచి చూడండి. నంబరు మార్చకుండా కంపెనీ మారాలంటే `PORT` అని కొట్టి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కు పంపాలి. ఇదివరకు బాగుండి ఈ మధ్యే ‘E’ కు పడిపోయినట్టయితే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఊరు, వీధి, ఏ రోజు నుంచి, వరండాలో అంకె ఎంత అన్నవి చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

లాక్ తీసేయడం

ఊరు దాటేటప్పుడు, ముఖ్యంగా అడవి దారిలో ప్రయాణం ఉంటే, ఇంటి గుమ్మంలోనే తీసేయండి. దాచిన పేజీ నుంచి పెట్టిన లాక్ ఉన్నప్పుడు, 2జీ తప్ప ఏమీ లేని చోట 112కు కూడా కాల్ కలుస్తుందన్న భరోసా పెట్టుకోకూడదు. తీసే దారి పెట్టిన దారే. అదే కోడ్, అదే పేజీ, కాగితం మీద రాసుకున్న పాత పేరు. కాగితం పోయిందా? మామూలు సెట్టింగుల్లోకి వెళ్లి `Preferred network type` కింద 4జీ ఉన్న వరుసను ఒకసారి మళ్లీ ఎంచుకోండి, చాలా ఫోన్లలో అదే పాత స్థితికి తెస్తుంది. తెచ్చిందో లేదో తెలుసుకోవడానికి వెనక గదిలోకి వెళ్లి నిలబడండి. కాసేపటికి ‘E’ కనబడితే లాక్ పోయినట్టే.